సబ్బు మీద ఆవిడ ముఖం: ఒక మస్కట్ ప్రాజెక్టు డైరీ

ఉత్తరం

ఇంట్లో సబ్బులు తయారుచేసి అమ్మే ఒకావిడ నుంచి వచ్చిన ఉత్తరంతో ఈ మస్కట్ పని, అంటే వ్యాపారానికి గుర్తుగా నిలిచే మనిషి బొమ్మ గీసే పని, మొదలైంది. అందులో పనికి సంబంధించిన భాగం ఇది:

> నమస్కారమండీ. నా దగ్గర సబ్బులు కొనేవాళ్లలో ఎక్కువమంది నన్ను చూసి, నాతో మాట్లాడి కొంటున్నారు. అందుకని రేపర్ మీద నా బొమ్మే ఉంటే బాగుంటుందనిపించింది. ఫోటో జతచేశాను. బొమ్మ ముద్దుగా, నవ్వుతూ ఉండాలి. చూడగానే నేనేనని తెలియాలి, అలాగని అచ్చం ఫోటోలా ఉండకూడదు. వయసు కొంచెం తగ్గించినా పరవాలేదు. రేపర్ మీద, అట్టపెట్టె మీద, ఫోన్‌లో ప్రొఫైల్ బొమ్మగా, కుట్టుపనిలో ఏప్రన్ మీద వాడతాను. వీలైతే సబ్బు మీద కూడా అదే ముద్ర పడాలి.

ఇలాంటి ఉత్తరాన్ని చదివేటప్పుడు ముందుగా రెండు విషయాలు పట్టుకోవాలి. మొదటిది, ఒకదానికొకటి అడ్డుపడే కోరికలు ఏవి అన్నది. ఇక్కడ ముద్దుగా ఉండడం, వయసు తగ్గడం, ఆవిడే అని తెలియడం అనే మూడూ ఒకే చోట పోట్లాడుకుంటాయి. బొమ్మను ముద్దుగా చేయడానికి గీసేవాళ్లు అలవాటుగా నుదురు పెంచుతారు, కళ్లు పెద్దవి చేసి కిందికి దించుతారు, గడ్డం కుదిస్తారు. పసిపిల్లల ముఖ లక్షణాలు చూసేవాళ్లలో లాలన కలిగిస్తాయని జంతువుల ప్రవర్తనను పరిశోధించిన శాస్త్రవేత్త కొన్రాడ్ లోరెంజ్ 1943లో రాసింది ఈ కొలతల గురించే. కానీ అవే కొలతలు ఎవరి ముఖానికి తగిలించినా అన్ని బొమ్మలూ ఒకే పాపలా తయారవుతాయి.

రెండోది, వాడకాల జాబితా. అందులో చివర "వీలైతే" అని రాసిన సబ్బు ముద్రే మొత్తం బొమ్మకు హద్దు గీస్తుంది. రంగులేదు, సన్న గీత నిలవదు, నొక్కిన చోటల్లా సబ్బు పగలవచ్చు. అన్నిటికన్నా కఠినమైన వాడకానికి నిలబడే బొమ్మను ముందు కుదుర్చుకుంటే తేలిక వాడకాలకు దానికే హంగులు చేర్చుకోవచ్చు. రంగుల బొమ్మ ముందు గీసి తర్వాత ముద్రకు కుదించాలని చూస్తే, తీసేసిన ప్రతి గీతతోనూ పోలిక కొంచెం కొంచెంగా జారిపోతుంది.

జతచేసిన ఫోటో ఎందుకు పనికిరాదు

ఫోటో బాగుంది. వెలుతురు ఉంది, నవ్వు ఉంది. అయినా కొలతలకు పనికిరాదు, ఎందుకంటే అది చేయి చాచి, ఫోన్‌ను నుదుటి కన్నా పైన పట్టుకుని తీసిన సెల్ఫీ.

దగ్గరనుంచి తీసిన ఫోటోలో ముఖం వంకర కావడానికి కారణం లెన్సు కాదు, దూరం. లెక్క చాలా చిన్నది. కెమెరా ముక్కు కొసకు 30 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. చెవులు ముక్కు కొసకు సుమారు 12 సెంటీమీటర్లు వెనక ఉంటాయి, అంటే కెమెరాకు 42 సెంటీమీటర్ల దూరం. దగ్గర ఉన్నది పెద్దగా పడుతుంది కాబట్టి, చెవులతో పోలిస్తే ముక్కు 42/30, అంటే 1.4 రెట్లు పెద్దగా వస్తుంది. అదే కెమెరా 1.5 మీటర్ల దూరంలో ఉంటే ఈ నిష్పత్తి 162/150, అంటే 1.08 మాత్రమే. ఎదుటి మనిషిని మనం మామూలుగా చూసే దూరం అదే గనక, జనం గుర్తుపట్టే ముఖం ఆ రెండోదే.

పైనుంచి తీయడం వల్ల ఇంకో నష్టం ఉంది. నుదురు కెమెరాకు దగ్గరై పెరుగుతుంది, గడ్డం దూరమై తగ్గుతుంది. ఈ ప్రాజెక్టులో అసలు కీలకం అక్కడే ఉందని కొలతల దగ్గర తేలింది.

సెల్ఫీలో చూసుకోవాల్సినవి మరో రెండున్నాయి. చాలా ఫోన్లలో ముందు కెమెరా బొమ్మను అద్దంలోలా తిప్పి దాచే సెట్టింగ్ ఉంటుంది. అప్పుడు పాపిడి, బుగ్గ సొట్ట, పుట్టుమచ్చ పక్క మారిపోతాయి. బట్టల మీదో వెనక గోడ మీదో అక్షరాలుంటే తిరగబడ్డాయో లేదో చూస్తే తెలిసిపోతుంది, లేకపోతే ఆవిడనే అడగాలి. ఇంకొకటి, అందం పెంచే ఫిల్టర్. జుట్టు వెంట్రుక వెంట్రుకా స్పష్టంగా ఉండి చర్మం మాత్రం నున్నగా ఉంటే అనుమానించాలి. దవడ వెనక తలుపు అంచో కిటికీ చువ్వో లోపలికి వంగి కనిపిస్తే దవడను ఫిల్టర్ సన్నబరిచిందన్నమాటే.

తిరుగు జాబు

జవాబులో ధర, గడువు కన్నా ముందు ఫోటోల కోరిక వెళ్లింది. రాసిన మాటలు దాదాపు ఇవే:

> మీ ఫోటో చూశామండీ, నవ్వు పట్టుకోవడానికి అది ఉపయోగపడుతుంది. కొలతల కోసం ఇంకొన్ని కావాలి. ఫోన్ వేరేవాళ్లకి ఇచ్చి, వెనక కెమెరాతో, రెండు మీటర్ల దూరం నుంచి, మీ కళ్ల ఎత్తులో పట్టుకుని తీయించండి. ముఖం చిన్నగా వస్తే దగ్గరికి రావద్దు, రెండింతల జూమ్ వాడండి. ముఖం ఫ్రేము మధ్యలో ఉండాలి, ఫిల్టర్లు ఆపేయాలి. ఎదురుగా ఒకటి, కొంచెం పక్కకు తిరిగి ఒకటి, పూర్తిగా పక్కనుంచి ఒకటి. ఎదురుగా తీసేది మామూలు ముఖంతో ఒకసారి, నవ్వుతో ఒకసారి. కళ్లజోడు తీసి కూడా ఒకటి. కిటికీ పక్కన పగటి వెలుతురులో నిలబడి, ఒక ఫోటోలో మాత్రం తెల్ల కాగితాన్ని చెంప పక్కన పట్టుకోండి.

కళ్లజోడు లేకుండా ఒకటి ఎందుకంటే, హ్రస్వదృష్టి సరిచేసే మైనస్ అద్దాల వెనక కళ్లు ఉన్నదానికన్నా చిన్నగా కనిపిస్తాయి, ప్లస్ అద్దాల వెనక పెద్దగా కనిపిస్తాయి. అద్దాల వెనక కనిపించిన కన్నునే కొలిచి, దానిచుట్టూ ఫ్రేము పెద్దది చేసి గీస్తే ఆ తేడా రెండింతలవుతుంది. తెల్ల కాగితం చర్మపు రంగు కోసం. పసుపు బల్బు కింద తీసిన ఫోటోలోంచి రంగు ఎత్తుకుంటే బొమ్మ నారింజ ఛాయలో తేలుతుంది. కాగితం ఉంటే ఫోటోలు సవరించే సాఫ్ట్‌వేర్‌లోని లెవెల్స్ పనిముట్టులో తెల్ల బిందువును ఆ కాగితం మీద పెట్టి ఫోటో మొత్తాన్ని సరిచేయవచ్చు. కాగితం ముఖం మీద పడే వెలుతురులోనే ఉండాలి, నీడలో ఉంటే సవరణ తప్పుతుంది.

జాబులో ఒక ప్రశ్న కూడా చేర్చాం: "మిమ్మల్ని ఎరిగినవాళ్లు ముగ్గుర్ని, ఒకరికి తెలియకుండా ఒకరిని, గుంపులో మిమ్మల్ని ఎలా గుర్తుపట్టాలో కొత్తవాళ్లకి చెప్పమనండి." ఆవిడ రాసి పంపిన సమాధానాల్లో ముగ్గురూ చెప్పినవి గుండ్రటి కళ్లజోడు, ఉంగరాల జుట్టు నడినెత్తిన ముడి. ఇద్దరు చెప్పింది నవ్వితే ఒకే బుగ్గ మీద పడే సొట్ట. గడ్డం గురించి ఎవరూ చెప్పలేదు. అది సహజం. జనం వస్తువుల్ని, గుర్తుల్ని పేరుపెట్టి చెప్పగలరు. కొలతల్ని చూసి గుర్తుపడతారు కానీ మాటల్లో పెట్టలేరు. అందుకే ఈ ప్రశ్నతో సగం పనే అవుతుంది, మిగతా సగం స్కేలుతో.

కొలతలు

బొమ్మలు గీయడం నేర్పేటప్పుడు ముఖాన్ని మూడు సమాన భాగాలుగా చెబుతారు: జుట్టు మొదలు నుంచి కనుబొమల దాకా, కనుబొమల నుంచి ముక్కు అడుగు దాకా, అక్కడినుంచి గడ్డం కొస దాకా. నిజంగా ఏ ముఖమూ ఇలా సమానంగా ఉండదు. ఎంత తేడా, ఏ వైపు అన్నదే ఆ మనిషి.

మొత్తం ముఖం ఎత్తును 100 అనుకుని రెండు ఫోటోలనూ కొలిచాం. పైనుంచి తీసిన సెల్ఫీలో మూడు భాగాలు 36, 31, 33. రెండు మీటర్ల దూరంనుంచి తీసినదాంట్లో 27, 31, 42. సెల్ఫీ ప్రకారం ఆవిడది విశాలమైన నుదురు, మామూలు గడ్డం. నిజంగా ఆవిడది పొట్టి నుదురు, పొడవైన గట్టి గడ్డం. సెల్ఫీనే నమ్మి గీసి ఉంటే కళ్లజోడు, ముడి, సొట్ట అన్నీ సరిగ్గా ఉన్నా "ఎక్కడో తేడాగా ఉందండీ" అనే జవాబు వచ్చేది, ఆ తేడా ఎక్కడో ఆవిడా చెప్పలేరు.

ఇప్పుడు అతిశయం. వ్యంగ్యచిత్రం గీసేవాళ్లు చేతితో చేసే పనిని పరిశోధకురాలు సూజన్ బ్రెన్నన్ 1980లలో కంప్యూటర్ మీద లెక్కగా చూపించారు: సగటు ముఖంతో పోల్చి, ఏ బిందువు ఎంత పక్కకు ఉందో చూసి, ఆ తేడాను పెంచడం. చేతితో చేసినా అదే లెక్క. మూడు సమాన భాగాల సగటు 33.3. ఆవిడ నుదురు సగటుకు 6.3 తక్కువ, ముక్కు భాగం 2.3 తక్కువ, గడ్డం భాగం 8.7 ఎక్కువ. ఈ తేడాల్ని ఒకటిన్నర రెట్లు చేస్తే నుదురు 24, మధ్య భాగం 30, కింది భాగం 46 దగ్గర నిలుస్తాయి. ఒకటిన్నర అనేది మా ఎంపిక. రెండు రెట్లు చేస్తే పత్రికల్లో వచ్చే వ్యంగ్యచిత్రంలా తయారై, గేలి చేసినట్టుంటుంది. తన వస్తువు మీద తన ముఖం పెట్టుకునే మనిషికి అది తగదు.

ముద్దుదనం మాటేమిటి మరి? దాన్ని ముఖం కొలతల్లోంచి తీసేసి వేరేచోట పెట్టాం. పెద్దవాళ్ల ఒళ్లు ఎత్తు సుమారు ఏడున్నర తలలు. మస్కట్‌కు మూడు తలలు చాలు. పెద్ద తల, పొట్టి ఒళ్లు ఉంటే ఆ కళ దానంతటదే వస్తుంది, గడ్డం జోలికి పోనక్కర్లేదు. వయసు తగ్గించడం కూడా అంతే. ముక్కు పక్కనుంచి పెదవి మూల దాకా దిగే గీతను గీయకుండా వదిలేస్తే ఆ ఒక్కదానితోనే బొమ్మ చాలా ఏళ్లు చిన్నదవుతుంది. ఫోటోలో ఆ ముడత మెత్తటి నీడ, గీతగా పెడితే మాత్రం కోసినట్టు ఉంటుంది. కాబట్టి దాన్ని వదిలేస్తే అబద్ధమాడినట్టు కాదు.

నీడ పరీక్ష

కొలతలు కుదిరాక చిన్న చిన్న గీతలు, ఒక్కొక్కటి బొటనవేలి గోరంత. ఈ దశలో కళ్లు, ముక్కు గీయలేదు. తల, జుట్టు, గడ్డం బయటి ఆకారం నల్లగా నింపి, దాని పక్కన మరో ఇద్దరు మామూలు ముఖాల నీడలు పెట్టి, ఆవిడ ఎవరో ఎంచమని ఎరిగినవాళ్లను అడిగాం.

ఇక్కడ తేలిన సంగతి: జుట్టు ముడి సరిగ్గా నెత్తి మధ్యలో, గుండ్రంగా ఉంటే అది ఎవరైనా కావచ్చు. ఎదురుగా, పక్కనుంచి తీసిన ఫోటోల్లో చూస్తే ఆవిడ ముడి కొంచెం వెనక్కి, కొంచెం కుడికి ఒరిగి ఉంటుంది, ఉంగరాల వల్ల అంచు ఎగుడుదిగుడుగా ఉంటుంది. ముడిని ఒరగదీసి, అంచుకు అయిదు వంపులు పెట్టగానే నీడలోనే ఆవిడ తెలిసిపోయింది. నున్నటి అంచుతో గీసిన నీడలో ఎవరూ పోల్చుకోలేకపోయారు.

గీత మందం

అసలు బొమ్మను 512×512 యూనిట్ల పలకలో గీశాం. గీత మందం ఎంత అన్నది అందానికి సంబంధించిన ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, వాడే పరిమాణాలు తెలిస్తే అది లెక్క. సబ్బు ముద్ర వెడల్పు 40 మిల్లీమీటర్లు. అందులో గీత కనీసం ఒక మిల్లీమీటరు ఉండాలి, అంతకన్నా సన్నమైతే నొక్కిన గాడి మూసుకుపోతుంది. ఏప్రన్ మీద కుట్టేటప్పుడూ నిండు కుట్టు గీతకు ఒక మిల్లీమీటరు కనీస హద్దుగా పెట్టుకోవాలి. ముందుగా అనుకున్న 12 యూనిట్ల గీత 40 మిల్లీమీటర్ల ముద్రలో 12×40/512, అంటే 0.94 మిల్లీమీటర్లు. 14 చేస్తే 1.09. పలకలో రెండే యూనిట్ల తేడా, కానీ ముద్రలో అది హద్దుకు అవతల, ఇవతల.

గీతలకు ఎంత జాగ్రత్త కావాలో గీతల మధ్య ఖాళీకి అంతకన్నా ఎక్కువ కావాలి. ఒక్కో కళ్లజోడు వలయం బయటి వ్యాసం 120 యూనిట్లు, లోపల కనుపాప చుక్క 28. వలయం మందం 14 తీసేస్తే చుక్కకూ వలయానికీ మధ్య 32 యూనిట్లు మిగులుతుంది, అంటే ముద్రలో 2.5 మిల్లీమీటర్లు. ఇది నిలుస్తుంది. కనుపాప చుట్టూ ఇంకో సన్న గీత, పైన రెప్ప, రెండు వెంట్రుకలు చేర్చాలని మొదటి గీతల్లో ఉండేది. చేరిస్తే ఆ ఖాళీ మూడు ముక్కలై దేనికీ చోటుండదు. అందుకే కన్ను చుక్కగానే మిగిలింది, భావమంతా కనుబొమలకు అప్పగించాం. కనుబొమ చివర నాలుగైదు యూనిట్లు పైకి ఎత్తితే నవ్వు కళ్లలోకి వస్తుంది.

ఇంత చేసినా 16 పిక్సెళ్ల గుర్తుకు ఈ బొమ్మ పనికిరాదు. అక్కడ 120 యూనిట్ల వలయం 3.75 పిక్సెళ్లు, దాని గీత అర పిక్సెల్ కూడా ఉండదు. మొత్తం బూడిద రంగు మరకలా కనిపిస్తుంది. కుదించి పెట్టడం దీనికి మందు కాదు, ఆ పరిమాణానికి వేరే బొమ్మ గీయాలి: ఒరిగిన ముడి, గడ్డం ఉన్న తల ఆకారం, రెండు నిండు వృత్తాలు. నోరు లేదు, సొట్ట లేదు. 32 పిక్సెళ్ల దగ్గర వలయాలు తిరిగి వస్తాయి, 48 దాటాక చిరునవ్వు. ప్రొఫైల్ బొమ్మను చాలాచోట్ల గుండ్రంగా కత్తిరిస్తారు కాబట్టి ముడి కొస ఆ వృత్తం లోపలే ఉండేలా తలను పలక మధ్యనుంచి కొంచెం కిందికి దించాం.

గీతలు ఖరారయ్యాక వాటిని ఆకారాలుగా మార్చాలి. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లో `Path > Stroke to Path`. ఇది చేయకుండా ఫైలు పంపితే, అవతల ఎవరైనా బొమ్మను పెద్దది చేసినప్పుడు గీత మందం పెరగకుండా నిలిచిపోయే ప్రమాదం ఉంది. మార్చేముందు గీతలున్న ప్రతిని వేరే పేరుతో దాచుకోవాలి, మార్చాక మందం సవరించడం కష్టం.

ఒక్క రంగులో ముఖం

మస్కట్ల పనిలో ఎక్కువగా అశ్రద్ధ జరిగేది ఇక్కడేనని మా అభిప్రాయం. ఒకే సిరాతో అచ్చు వేసేటప్పుడు ముఖం కాగితం రంగులో ఉండిపోతుంది. ఆవిడది చామనఛాయ. తెల్ల అట్టపెట్టె మీద నల్ల గీతలతో అచ్చు వేస్తే ముఖం తెల్లగా మారి, బొమ్మ వేరే మనిషిదవుతుంది. రంగు సూచించడానికి ముఖం నిండా సన్న గళ్లు గీద్దామంటే రబ్బరు ముద్రలో సిరా వాటి మధ్య నిండి మరకవుతుంది.

అందుకని రెండు రూపాలు చేశాం. మట్టిరంగు రేపర్ మీద గీతల రూపం: అక్కడ కాగితపు రంగే చర్మానికి దగ్గరగా ఉంటుంది, గీతలు మాత్రం ముదురు సిరా. తెల్ల అట్ట మీద నిండు రూపం: ముఖమంతా సిరాతో నింపి, గీతల్ని ఖాళీగా వదలడం.

నిండు రూపంలో ఊరికే నలుపు తెలుపులు తారుమారు చేస్తే ముఖం పాత ఫిల్ము నెగెటివ్‌లా భయం పుట్టిస్తుంది. కారణం కనుపాపలు. అవి తెల్లబడితే ఆ కళ్లలో చూపు ఉండదు. కాబట్టి కళ్లజోడు అద్దం మొత్తాన్ని తెల్లగా వదిలి, అందులో కనుపాపను మళ్లీ నల్ల చుక్కగానే పెట్టాలి. గుండ్రటి కళ్లజోడు ఉండడం ఇక్కడ చాలా కలిసొచ్చింది. నవ్వును తెల్ల నెలవంకగా వదిలితే అది పళ్లుగా చదువుకుంటుంది, సహజంగానూ ఉంటుంది. జుట్టూ ముఖమూ రెండూ నలుపే కాబట్టి వాటి మధ్య ఖాళీ గీత తప్పనిసరి. సిరా అంచుల్లోంచి కొంచెం పాకుతుంది గనక నిండు రంగులో వదిలిన ఖాళీ గీత అచ్చులో సన్నబడుతుంది. అందుకే ఆ ఖాళీలను 14 బదులు 20 యూనిట్లు చేశాం, 25 మిల్లీమీటర్ల అచ్చులో అది దాదాపు ఒక మిల్లీమీటరు.

ఆవిడ అభ్యంతరం

రెండు రూపాలూ చూసి ఆవిడ రాసింది ఒక్క మాటే: "గడ్డం మరీ పెద్దగా ఉన్నట్టుందండీ, తగ్గించగలరా?" తన ముఖాన్ని తాను అద్దంలోనూ, సెల్ఫీలోనూ చూసుకునే అలవాటున్నవాళ్లకు ఇది అనిపించడం న్యాయమే. వాదించకుండా మూడు బొమ్మలు పక్కపక్కన పంపాం. కింది భాగం ఒకదాంట్లో 46, ఒకదాంట్లో 42, ఒకదాంట్లో 36, మిగతా గీతలన్నీ ఒకటే. ఏది ఏదో చెప్పకుండా, తనను ఎరిగినవాళ్లకు చూపించి "వీటిలో ఎవరు నేను?" అని అడగమన్నాం. 36 ఉన్నదాన్ని ఎవరూ ఎంచలేదు. 46, 42 రెండింటికీ ఓట్లు పడ్డాయి. ఆవిడకు నచ్చింది 42 కనుక దానికి దగ్గరగా, 43 వద్ద ఖాయం చేశాం. ముఖం ఆవిడది. పోలిక చెడనంతవరకూ ఆవిడ ఇష్టమే నెగ్గాలి.

ఒళ్లు, భంగిమలు

ఇది త్వరగా అయింది. ఎదురు, పక్క, వెనక వైపుల నమూనా పలక ఒకటి. చేయి ఊపడం, సబ్బు పట్టుకోవడం, చూపుడువేలితో చూపించడం అని మూడు భంగిమలు. పక్కకు తిరిగినప్పుడు కూడా ముడి ఒరిగిన దిశ, సొట్ట ఉన్న బుగ్గ మారకూడదు. అంటే ఎడమకు చూసే బొమ్మను అద్దంలోలా తిప్పేసి కుడికి చూసే బొమ్మగా వాడరాదు. ఈ మాట నమూనా పలక మీదే రాసిపెట్టాం, తర్వాత వాడేవాళ్లు మొట్టమొదట చేసే పని అదే కాబట్టి.

సబ్బు ముద్ర: మొదటి నమూనా

ముద్రకు గీతల రూపమే వాడాలి. జుట్టును నిండుగా నింపిన రూపం అయితే అంత వెడల్పు చదును భాగం సబ్బులోకి దిగడానికి చాలా బలం కావాలి, తీసేటప్పుడు అతుక్కుంటుంది. ముద్రలో గీతలు ఉబ్బెత్తుగా, రెండు మూడు మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటాయి, వాటి గోడలు కొస వైపు కొంచెం సన్నబడాలి. నిటారు గోడలైతే పైకి లాగేటప్పుడు సబ్బు అంచు ఊడి వస్తుంది.

నమూనాతో కొన్ని సబ్బుల మీద నొక్కి చూశాక తేలినవి: కళ్లజోడు, నవ్వు స్పష్టంగా పడ్డాయి. ముడిలోని ఉంగరాల గీతలు పడలేదు. వాటి మధ్య ఖాళీ 10 యూనిట్లు, అంటే 0.78 మిల్లీమీటర్లు, అంత సన్నటి సబ్బు గోడ నిలవలేక రాలిపోయింది. లోపలి ఉంగరాలను మూడుకు తగ్గించి ఖాళీని 22 యూనిట్లు చేశాం, 1.7 మిల్లీమీటర్లు. సొట్ట గీత నవ్వు చివరతో కలిసిపోయి నోరు ఒక పక్కకు సాగినట్టు కనిపించింది. దాన్ని 24 యూనిట్లు బయటికి జరిపాం.

అన్నిటికన్నా ముందు పరిశీలించాల్సింది దిశ. ముద్ర మీద బొమ్మ తిరగబడి ఉండాలి, అప్పుడే సబ్బు మీద సరిగ్గా పడుతుంది. ఫైలును మనం తిప్పి పంపాలా, తయారుచేసేవాళ్లే తిప్పుతారా అన్నది ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి. ఇద్దరూ తిప్పితే సొట్ట అవతలి బుగ్గకు పోతుంది, అక్షరాలు లేని ముద్రలో అది ఎవరి కంటా పడకపోవచ్చు.

నొక్కే సమయం ఆవిడ చేతిలో ఉంది. కోసిన వెంటనే మెత్తగా ఉంటే సబ్బు ముద్రకు అతుక్కుంటుంది, బాగా ఆరిపోతే అంచులు పగులుతాయి. వేలితో గట్టిగా నొక్కితే గుంట పడీ పడనట్టు ఉండి, వేలికి అంటుకోని దశ సరైనది. అది ఎన్ని రోజులకు వస్తుందనేది వాడిన నూనెల్ని, నీటిని బట్టి మారుతుంది కాబట్టి ప్రతి రకానికీ విడిగా చూసుకోమన్నాం.

ఒప్పందంలో చేరిన మాటలు

మనిషి ముఖం వ్యాపార చిహ్నం అయినప్పుడు మామూలు లోగో ఒప్పందం చాలదు. కొలతల ఫోటోలు ఆవిడ ఇంట్లోవాళ్లే తీశారు, తీసినవాళ్ల అనుమతి రాసి తీసుకున్నాం. ఏదైనా స్టూడియోలో తీయించిన ఫోటో ఆధారంగా గీస్తే ఆ ఫోటో హక్కు చాలా దేశాల్లో తీసినవాళ్లది కావచ్చు, డబ్బిచ్చినంత మాత్రాన అన్నిచోట్లా మనది కాదు.

ఇంకొక మాట ఆవిడ అడగలేదు, మేమే లేవనెత్తాం: రేపు వ్యాపారం అమ్మేస్తే బొమ్మ ఎవరిది? కెంటకీ ఫ్రైడ్ చికెన్‌ను 1964లో అమ్మేశాక కూడా కల్నల్ సాండర్స్ ముఖం ఆ కంపెనీ గుర్తుగా కొనసాగింది, ఆయన పోయాక కూడా. చిన్న వ్యాపారానికీ ఈ ప్రశ్న వర్తిస్తుంది. ఆవిడ ఎంచుకున్నది: బొమ్మ హక్కు పూర్తిగా ఆవిడ పేరు మీద, వ్యాపారం పేరు మీద కాదు, కొనేవాళ్లకు ఇవ్వాలో వద్దో అప్పుడు విడిగా తేల్చుకుంటారు.

అప్పగించిన ఫైళ్లు, మిగిలిన పని

ఫైళ్ల పేర్లు చూడగానే ఏది ఎక్కడికో తెలియాలి:

```
mascot_color_512.svg
mascot_1c_line.svg    (brown wrapper)
mascot_1c_solid.svg   (white carton)
mascot_stamp_40mm.svg (NOT mirrored)
mascot_icon_16.png
mascot_icon_32.png
```

ఏప్రన్ కుట్టుకు ప్రత్యేక ఫైలు ఇవ్వలేదు. గీతల రూపాన్ని కుట్టే యంత్రానికి అనువుగా మార్చే పని ఆ యంత్రం నడిపేవాళ్లదే, బట్ట రకాన్ని బట్టి వాళ్లు గీతను కొంచెం లావు చేస్తారు. బొమ్మ వెడల్పు 60 మిల్లీమీటర్లకు తగ్గకుండా కుట్టించమని, ముందు పాత బట్ట మీద ఒకటి కుట్టించి చూడమని ఆవిడకు రాశాం.

సవరించిన ముద్ర ఫైలు తయారీకి వెళ్లింది. రెండో నమూనా వచ్చాక ఉంగరాల మధ్య గోడ నిలుస్తోందా, సొట్ట సరైన బుగ్గ మీదే పడుతోందా అని చూడాలి.